జలుబుకు అల్లం, మిరియాల కషాయం: సీమ నుంచి కొత్తగా వచ్చినవారికి

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి చలి ఎక్కువున్న విదేశానికి వచ్చినవాళ్ళకు ఇక్కడి మొదటి చలికాలంలో గొంతు పట్టేయడం మామూలే. రాత్రంతా హీటర్ నడిస్తే గదిలో గాలి పొడిబారి గొంతు ఇంకా గీరుకుపోతుంది. కషాయం అందరికీ తెలిసిందే కానీ, ఊళ్ళో ఇంట్లో అయితే రోలు, గ్యాస్ పొయ్యి, పక్కన అమ్మో అవ్వో ఉంటారు. ఇక్కడ ఆ మూడూ ఉండవు.

ఒక మనిషికి ఒక పూటకు కావలసినవి ఇవి: నీళ్ళు రెండు గ్లాసులు, అంటే సుమారు 400 మిల్లీలీటర్లు. బొటనవేలు లావున అంగుళం అల్లం ముక్క, 8 నుంచి 10 మిరియాలు, నిమ్మకాయంత బెల్లంలో సగం. జీలకర్ర ఉంటే అర చెంచా, లేకపోతే మానేయండి. తులసి దొరకలేదని ఆసియా దుకాణాల్లోని థాయ్ తులసి వేయకండి, దానిది సోంపు వాసన.

సూపర్ మార్కెట్ అల్లం చాలాచోట్ల లావుగా, నీరు ఎక్కువగా, ఘాటు తక్కువగా ఉంటుంది. అలాంటిదైతే అంగుళంన్నర తీసుకోండి. శొంఠి వాడేవాళ్ళు మాత్రం పావు చెంచా పొడితో ఆగాలి. అల్లం ఎండినప్పుడు అందులోని ఘాటు పదార్థం మారి మరింత కారంగా తయారవుతుంది, అందుకే పచ్చి అల్లం కొలత దీనికి పనికిరాదు.

మిరియాలను పొడి చేయకండి, కచ్చాపచ్చాగా పగలగొడితే చాలు. మెత్తటి పొడి జాలిలోంచి జారి కషాయం అడుగున చేరుతుంది. చివరి గుక్కలో అది గొంతుకు తగిలి, తగ్గాల్సిన దగ్గు మళ్ళీ మొదలవుతుంది. రోలు లేకపోతే మిరియాలను మందపాటి కవర్లో వేసి చపాతీ కర్రతో నలగ్గొట్టండి. అల్లాన్ని కడిగి, చెక్కు మీద మట్టి పోయాక, అదే కర్రతో చితకండి. చితికితే రసం నీళ్ళలోకి త్వరగా దిగుతుంది.

ఇండక్షన్ పొయ్యి మీద ఊరి నుంచి తెచ్చిన అల్యూమినియం గిన్నె వేడెక్కదు. కొన్ని స్టీలు గిన్నెలు కూడా అంతే. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటే పనిచేస్తుంది. ఎలక్ట్రిక్ కెటిల్‌లో మాత్రం బెల్లం, అల్లం వేసి మరిగించకండి. అడుగంటి మాడుతుంది, ఆ వాసన తర్వాత టీలో కూడా వస్తుంది. కెటిల్ తప్ప వేరే ఏదీ లేకపోతే, నీళ్ళు మాత్రం అందులో కాచి, మందపాటి కప్పులో దంచిన అల్లం, మిరియాల మీద పోసి, మూతపెట్టి 15 నిమిషాలు ఉంచండి. పలుచగా ఉంటుంది కానీ పని జరుగుతుంది.

పొయ్యి ఉంటే నీళ్ళు తెర్లేటప్పుడు అల్లం, మిరియాలు, జీలకర్ర వేసి, మంట తగ్గించి, మూత సగం పెట్టి, రెండు గ్లాసులు ఒక గ్లాసున్నర అయ్యేదాకా కాచండి. సుమారు 10 నిమిషాలు పడుతుంది. వెడల్పు గిన్నెలో ఇంకా త్వరగా ఇగురుతుంది, కాబట్టి గడియారాన్ని కాక నీటిమట్టాన్ని చూడండి. చెంచా కాడను గిన్నెలో నిలబెట్టి మొదట ఎంతదాకా తడిసిందో గుర్తుపెట్టుకుంటే తేలిక. ఎక్కువగా మరిగితే మిరియం చేదు తేలుతుంది. అలా అయితే వేడినీళ్ళు కలపండి, బెల్లం కాదు.

బెల్లం ఆఖర్న, పొయ్యి ఆపాక వేయాలి. కాయిల్, గాజు పొయ్యిలు ఆపినా చాలాసేపు వేడిగానే ఉంటాయి. గిన్నెను పక్కకు దించి బెల్లం కలపకపోతే అడుగు పడుతుంది. తర్వాత రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే బెల్లంలోని ఇసుక అడుగున చేరుతుంది. పైది మెల్లగా వడకట్టుకోండి. తేనె అయితే కప్పులోకి పోసి గోరువెచ్చగా అయ్యాక కలపండి. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు.

పాలు కలిపి తాగే అలవాటున్నవారు అల్లాన్ని ముందు నీళ్ళలో బాగా మరిగించి ఆ తర్వాతే పాలు పోయండి. పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైమ్ ఉంది, మరిగితే అది పనిచేయదు. బెల్లం మాత్రం పాలలో పడి మరిగితే విరగ్గొడుతుంది, కాబట్టి కప్పులో కలుపుకోవాలి.

వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి. మిరియాలను పొడిగా వేయించకండి, ఆ పొగకు మీరు దగ్గడమే కాదు, స్మోక్ అలారం మోగి బిల్డింగంతా బయటికి రావలసి ఉంటుంది.

రోజుకు రెండుసార్లు, తిన్న తర్వాత, నోరు కాలని వేడిలో గుక్కగుక్కగా తాగండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడి చేసుకోవచ్చు. ఇది గొంతుకు ఊరట మాత్రమే, జలుబు తన రోజులు తీసుకునే పోతుంది. ఎసిడిటీ ఉన్నవారు మిరియాలు నాలుగుకు తగ్గించండి. రక్తం పలుచబడే మందులు వాడేవారు రోజూ తాగే ముందు డాక్టరును అడగండి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా కషాయంతో ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందుల దుకాణంలో జలుబు మాత్ర కొంటే అట్ట మీద చదవండి. చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, ఇంటి నుంచి తెచ్చిన జ్వరం మాత్ర దానికి తోడు వేసుకుంటే మోతాదు మించుతుంది.