ఇండెమ్నిటీ మీద సంతకం చేసే ముందు క్యాప్ ఉన్న పేజీ తెరవండి

ఈ మధ్య ఒక సంస్థకు తగిలిన దెబ్బ చూశాక ఇది రాస్తున్నాను. వాళ్ల కస్టమర్ల డేటా చూసే వెండర్ దగ్గర లీకు జరిగింది. కాంట్రాక్టులో ఇండెమ్నిటీ, అంటే నష్టం భర్తీ చేస్తామన్న హామీ, గట్టిగానే ఉంది. లీకు వల్ల బయటివాళ్లు ఎవరు దావా వేసినా నష్టమంతా, లాయర్ ఖర్చులతో సహా, వెండరే భరించాలి. ఆ వాక్యం కోసం వారాల తరబడి బేరమాడారు. తీరా క్లెయిమ్ పంపాక వెండర్ కొన్ని పేజీల తర్వాత ఉన్న క్యాప్ క్లాజ్, అంటే తన బాధ్యతకు గరిష్ఠ పరిమితి పెట్టే క్లాజ్, చూపించాడు: ఈ ఒప్పందంలో మరెక్కడ ఏం రాసి ఉన్నా, వెండర్ మొత్తం బాధ్యత గత 12 నెలల్లో అందిన ఫీజుకు మించదు.

నెలకు ఫీజు 2 లక్షలు. కాంట్రాక్టు మొదలై మూడు నెలలే అయింది కాబట్టి అందిన ఫీజు 6 లక్షలు. నష్టం 90 లక్షలు. వెండర్ 6 లక్షలు కట్టి చేతులు దులుపుకున్నాడు.

చాలామందిని ముంచుతున్న తప్పు ఇదే. ఇండెమ్నిటీని ఒక్కదాన్నే చదువుతారు, క్యాప్‌ను దాని పక్కన పెట్టి చూడరు. 'మరెక్కడ ఏం రాసి ఉన్నా' అన్న మాట క్యాప్ వైపు ఉంటే ఇండెమ్నిటీ కూడా ఆ క్యాప్ కిందికే వస్తుందని వాదించే దారి వెండర్‌కు దొరికినట్టే.

అందుకే ఈ క్యాప్ ఇండెమ్నిటీకి వర్తించదని క్యాప్ క్లాజ్‌లోనే రాయించుకోవాలి. ప్రతి వెండర్ అన్నిటికీ ఒప్పుకోడు. మోసం, కావాలని చేసిన తప్పు, ఇతరుల మేధో హక్కుల ఉల్లంఘన - వీటికి క్యాప్ ఉండకూడదని పట్టుబట్టండి. డేటా లీకు దగ్గర అపరిమిత బాధ్యత అంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. అక్కడ మామూలు క్యాప్‌కు సంబంధం లేకుండా పెద్ద క్యాప్ విడిగా అడగండి. దాన్ని ఫీజుకు ఇన్ని రెట్లు అని ఊహించి పెట్టకండి. ఎంతమంది రికార్డులు వాళ్ల దగ్గర ఉంటాయి, లీకైతే అందరికీ తెలియజేయడానికి, దర్యాప్తుకు, లాయర్లకు ఎంత అవుతుంది అని లెక్క వేయండి. వెండర్ బీమా పాలసీ పరిమితి కూడా అడగండి. ఆస్తులూ బీమా లేని చిన్న వెండర్ 'అపరిమితం' అని రాసిచ్చినా వసూలయ్యేది తక్కువే. నా మటుకు నాకు అలాంటి కాగితం కంటే బీమా ఉన్న పరిమిత హామీయే మేలు.

క్యాప్ పక్కనే పరోక్ష నష్టాలు ఇవ్వబోమనే వాక్యం కూడా ఉంటుంది. క్యాప్‌కు మినహాయింపు తెచ్చుకుని దీన్ని వదిలేస్తే, లీకు సంగతి కస్టమర్లకు తెలియజేయడానికి అయిన ఖర్చును వెండర్ 'పరోక్షం' అంటాడు. ఇలాంటి ఖర్చులు ప్రత్యక్ష నష్టాలేనని ఒక్కోదాని పేరుతో సహా రాయించండి.

ఇక కేసు ఎవరు నడపాలన్న విషయం. డబ్బు కట్టేవాడే లాయర్‌ను పెట్టుకుని కేసు నడుపుతాననడం న్యాయమే. కానీ దావా 90 లక్షలకు వేసి, వెండర్ బాధ్యత 6 లక్షల దగ్గర ఆగిపోతే, మిగతా 84 లక్షలు పోయేది మీవి. గెలిచినా ఓడినా అతనికి పెద్ద తేడా ఉండదు. దావా మొత్తం క్యాప్ దాటేలా ఉంటే కేసు పగ్గాలు మీ చేతికి రావాలని రాయండి. ఇక్కడా చూడాల్సింది క్యాప్‌నే.

దావా వచ్చిందని వెండర్‌కు ఇచ్చే నోటీసు విషయంలో ఇన్ని రోజుల్లో చెప్పకపోతే హక్కు పోతుందన్న షరతు ఒప్పుకోకండి. ఆలస్యం వల్ల వెండర్‌కు నిజంగా ఎంత నష్టం జరిగిందో అంతమేరకే అతని బాధ్యత తగ్గాలి. అలా రాసుకున్నా, దావా కాగితం అందిన రోజే నోటీసు పంపండి.

ఇంకా:

క్యాప్ లెక్క 'అందిన ఫీజు' మీద వద్దు. 'అందిన లేదా అందాల్సిన' అని మార్చండి, మొదటి ఏడాదికి పూర్తి ఏడాది ఫీజు అని రాయండి.

లాయర్ ఖర్చులు క్యాప్‌లోంచి తీసుకుంటారా, బయటా? తేల్చుకోండి.

సర్వీసు లోపాలకు ఇచ్చే తగ్గింపులు క్యాప్‌ను తినేయకూడదు.

మీ అనుమతి లేకుండా వెండర్ రాజీ పడకూడదు. తప్పు మీదేనని ఒప్పుకునే రాజీ అసలే వద్దు.

మీరు కూడా వెండర్‌కు చెప్పకుండా రాజీ పడకండి, తప్పు ఒప్పుకుంటూ ఈమెయిల్ పంపకండి. ఆ ఒక్క మెయిల్ సాకుగా బాధ్యత తప్పించుకుంటాడు.

ప్రభుత్వ నియంత్రణ సంస్థతో మాట్లాడేది మీరే. అది వెండర్‌కు అప్పగించకండి.

'మా సాఫ్ట్‌వేర్‌ను ఇంకోదానితో కలిపి వాడితే ఇండెమ్నిటీ లేదు' అన్న మినహాయింపును అలాగే వదలకండి. కలపడానికే కొంటున్నారు కదా! ఆ కలపడం వల్లే దావా వచ్చినప్పుడు, అదీ వెండర్ సూచనలకు విరుద్ధంగా కలిపినప్పుడు మాత్రమే అని కుదించండి.

సంతకానికి ముందు రోజు ఇండెమ్నిటీ, క్యాప్, పరోక్ష నష్టాలు - మూడు పేజీలూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. 90 లక్షల దావా వచ్చిందనుకుని చివరికి చేతికి వచ్చేదెంతో కాగితం మీద లెక్క కట్టండి. ఆ అంకె రాకుండా సంతకం చేయకండి.