తర్కం నేర్చుకుందాం – 6: ‘ఉంటే’కీ ‘ఉంటేనే’కీ మధ్య తిరిగే బాణం

బాణం గుర్తుతో రాయమని పోయిన పాఠం చివర ఇచ్చిన ఐదు ఇంగ్లీషు వాక్యాల్లో నాలుగోది చాలామందిని పడగొట్టింది. అందులో సగం తప్పు నాదే. ‘ఇఫ్ పక్కన ఉన్నది బాణానికి ఎడమవైపు వెళ్తుంది’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. మీరు నా మాట నమ్మి, ‘ఓన్లీ ఇఫ్’లో కూడా ఇఫ్ కనబడగానే పక్కనున్నదాన్ని ఎడమకు లాగేశారు. ఈసారి ‘అన్‌లెస్’తో మొదలుపెడదామనుకున్నాను గానీ, ముందు ఈ గొడవ తేల్చాలి.

ఆ నాలుగో వాక్యం: ‘యు కెన్ వోట్ ఓన్లీ ఇఫ్ యు ఆర్ ఎయిటీన్’. ఓటు వేయగలగడం V, పద్దెనిమిది నిండటం A అనుకుందాం. ఎక్కువమంది రాసింది A → V. సరైనది V → A.

A → V అని రాస్తే పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరూ ఓటు వేయగలరని అర్థం. అది నిజం కాదని మీకూ తెలుసు. పోలింగ్ రోజున చీటీ పట్టుకుని వెళ్లి, లిస్టులో పేరు లేదని తిరిగొచ్చిన వాళ్లు ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు. వాళ్ల వయసుకు ఏ లోటూ లేదు, పేరే లేదు. మన వాక్యం వాళ్ల గురించి ఏమీ చెప్పడం లేదు. వయసు ఉంటే చాలని అది అనలేదు, వయసు లేకపోతే కుదరదని మాత్రమే అంది.

బాణం ఎటు వేయాలో తెలియనప్పుడు నేను చేసే పని ఒకటుంది. ఈ మాట అన్న మనిషిని ఏ సందర్భంలో ‘నువ్వు అబద్ధమాడావు’ అని పట్టుకోగలను? ఆ ఒక్క సందర్భాన్ని వెతుకుతాను. మూడో పాఠంలో వేసిన పట్టిక గుర్తుందిగా, ఎడమది నిజమై కుడిది అబద్ధమైతేనే బాణం అబద్ధం. మిగతా మూడు వరుసల్లో దానికి ఏ ఢోకా లేదు. ఇక్కడ, పదిహేడేళ్ల కుర్రాడు దర్జాగా ఓటు వేసి బయటికొస్తే మన వాక్యం అబద్ధమవుతుంది. అంటే V నిజం, A అబద్ధం. నిజమైనది ఎడమ, అబద్ధమైనది కుడి. V → A. (1989కి ముందు ఈ వయసు ఇరవై ఒకటి. A అర్థం మారేది, బాణం మాత్రం ఇలాగే ఉండేది.)

ఇంతకన్నా దగ్గరి దారి మన భాషలోనే ఉంది. ఈ రెండు వాక్యాలు పైకి చదవండి.

టికెట్ ఉంటే లోపలికి రానిస్తారు.
టికెట్ ఉంటేనే లోపలికి రానిస్తారు.

టికెట్ ఉండటం T, లోపలికి రానివ్వడం E అనుకుంటే మొదటిది T → E. రెండోది E → T. ఒక్క ‘నే’ పడగానే బాణం తిరిగిపోయింది. ‘ఓన్లీ ఇఫ్’ అంటే ఈ ‘ఉంటేనే’. ఇంగ్లీషులో అది రెండు మాటలుగా విడిపోయి కనబడుతుంది కాబట్టి కన్ను ఇఫ్ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఒకే మాటగా, మధ్యలో ఖాళీ లేనట్టు చదవండి. అది వాక్యం మధ్యలో ఉంటే ఇంకా సులువు, ఆ మాట కొట్టేసి అదే చోట బాణం పెట్టేయడమే. వాక్యం మొదట్లో ఉంటే, అంటే ‘ఓన్లీ ఇఫ్ యు ఆర్ ఎయిటీన్ కెన్ యు వోట్’ లాంటివైతే, దాన్ని అంటుకుని ఉన్న భాగం కుడివైపుకే వెళ్తుంది. చోటు మారినా అర్థం మారలేదు.

ఒక జాగ్రత్త. ‘అన్నం తింటేనే ఐస్‌క్రీం’ అని అమ్మ అంటే, తిన్నాక ఐస్‌క్రీం ఇస్తుందని కూడా పిల్లవాడు నమ్ముతాడు. ఇవ్వకపోతే ఏడుస్తాడు, వాడి ఏడుపులో న్యాయం ఉంది. కానీ ఆ రెండో సగం మాటల్లో లేదు, అమ్మ మీద వాడికున్న నమ్మకంలో ఉంది. మనం గుర్తుల్లోకి మార్చేది మాటల్లో ఉన్నదాన్నే. వాక్యంలో లేని సగాన్ని కలిపేయడం మీ జవాబుల్లో నాకు కనబడిన రెండో తప్పు.

ఆ సగం కూడా నిజంగా ఉన్నప్పుడు వాడేదే ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’. P ↔ Q అని రాస్తాం. ఒక సంఖ్య అంకెల మొత్తం తొమ్మిదితో భాగించబడితే ఆ సంఖ్యా భాగించబడుతుంది, లేకపోతే లేదు. ఇలాంటి చోట అది హాయిగా కూర్చుంటుంది. బజారులో, ఇంట్లో ఎవరూ దాన్ని వాడరు కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఉండను. అయితే లెక్కల పుస్తకాల్లో నిర్వచనం ఇచ్చేటప్పుడు ఉత్త ‘ఇఫ్’ రాసి ↔ ఉద్దేశిస్తారు. ‘రెండుతో భాగించబడితే దాన్ని సరి సంఖ్య అంటాం’ అన్నప్పుడు రెండు వైపులా చెప్పినట్టే. నిర్వచనాలకు మాత్రమే ఆ వెసులుబాటు ఉంది.

ఇప్పుడు ‘అన్‌లెస్’. దీనికి నా చిట్కా మొరటుగా ఉంటుంది, కానీ ఎప్పుడూ మోసం చేయలేదు. ఆ మాట కొట్టేసి ‘లేదా’ పెట్టేయండి. ‘వి విల్ రిజెక్ట్ ద ఫారం అన్‌లెస్ ద ఫీ ఈజ్ పెయిడ్’ అంటే, తిరస్కరించడం R, ఫీజు కట్టడం F అనుకుంటే, R ∨ F, అంతే. నమ్మకం కుదరకపోతే తెలుగులో చెప్పి చూడండి. ‘ఫీజు కట్టకపోతే ఫారం తిరస్కరిస్తాం.’ ‘కట్టకపోతే’ అన్నప్పుడే కాదు అన్న గుర్తు లోపలికి వచ్చేసింది, ¬F → R. పట్టిక వేస్తే రెండూ ఒకటే.

ఫీజు కట్టినా ఫారం వెనక్కి వస్తే? ఫొటో అంటించలేదని నాకు ఒకసారి అలాగే వచ్చింది. చాలా కోపం వచ్చింది, కానీ తర్కం ప్రకారం వాళ్లు అబద్ధమాడలేదు. R, F రెండూ నిజమైన వరుసలో R ∨ F నిజమే. అందుకే దీన్ని R ↔ ¬F అని రాసినవాళ్లకు మార్కులు ఇవ్వను. ఫీజు కడితే తీసుకుంటామన్న హామీ ఆ వాక్యంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ఇంగ్లీషు అన్‌లెస్ చాలాసార్లు ‘కాదు’తో కలిసి వస్తుంది. ‘యు కెనాట్ ఎంటర్ అన్‌లెస్ యు హావ్ ఎ టికెట్.’ చిట్కా ప్రకారం ¬E ∨ T. దాన్ని బాణంగా మారిస్తే E → T, మళ్లీ మన ‘టికెట్ ఉంటేనే’. తెలుగులో ‘టికెట్ ఉంటే తప్ప రానివ్వరు’ అంటాం. మన ‘తప్ప’ ఇలాంటి చోట ‘రానివ్వరు, కుదరదు, లేదు’ లాంటి మాటల పక్కనే ఉంటుంది. అందుకే అన్‌లెస్ కనబడగానే ‘తప్ప’ అని అనువదించుకుంటే, ఫీజు వాక్యంలో లేని ‘కాదు’ ఒకటి మీకు తెలియకుండా R ముందు చేరిపోతుంది. దానికి ‘లేదా’ పెట్టడమే మేలు.

అభ్యాసం రెండే, కానీ రెండోదానికి సాయంత్రం పడుతుంది.

ఒకటి: ‘ఐ విల్ గో ఓన్లీ ఇఫ్ యు కమ్, అన్‌లెస్ ఇట్ రెయిన్స్.’ కామాను బట్టి కుండలీకరణాలు ఎక్కడ పడతాయో చూసుకుని G, C, R లతో రాయండి. వాన పడింది, మీరు రాలేదు, నేను వెళ్లాను. నేను అబద్ధమాడానా?

రెండు: లిస్టులో పేరు ఉండటం L అనుకోండి. ‘యు కెనాట్ వోట్ అన్‌లెస్ యువర్ నేమ్ ఈజ్ ఆన్ ద లిస్ట్’, ‘యువర్ నేమ్ ఈజ్ ఆన్ ద లిస్ట్ ఓన్లీ ఇఫ్ యు ఆర్ ఎయిటీన్’. రెండింటినీ రాసి, V, L, A ల ఎనిమిది వరుసల పట్టిక వేయండి. రెండు వాక్యాలూ నిజమైన ప్రతి వరుసలోనూ V → A నిజమవుతుందని చూపించండి. ఆ వరుసల్లోనే A → V అబద్ధమయ్యేవి ఉన్నాయి. అవన్నీ పట్టుకుని, ఒక్కో వరుసలో ఉన్న మనిషి ఎవరో మాటల్లో రాయండి.