పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి జరిగితే: Asia/Kolkata సమస్య - పరిష్కారం

సమస్య: నల్లగొండలోని ఒక పెన్షనర్ల సంఘం తన సభ్యుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించింది. దేవరకొండ ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరులో 1944 జూన్ 10 అని ఉండగా, ముద్రించిన జాబితాలో జూన్ 9 అని వచ్చింది. 1946 తరువాత పుట్టినవారందరి తేదీలూ సరిగానే ఉన్నాయి. 1942 జూన్, జూలై నెలల్లో పుట్టినవారివి కూడా సరిగానే ఉన్నాయి. తప్పులన్నీ 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్యలోనూ, 1941 చివరి నుంచి 1942 మే మధ్య వరకూ గుంపులుగా కనబడ్డాయి. తప్పు ఇలా కొన్ని నెలలకే పరిమితమైతే, అది టైపు చేసినవారి పొరపాటు కాదని అక్కడే గ్రహించవచ్చు.

కారణం: స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహించే టైమ్ జోన్ డేటాబేస్‌లో మన దేశానికి సంబంధించిన Asia/Kolkata అనే పద్దు ఇలా ఉంటుంది. తొలినాటి వరుసలను వదిలి మిగిలినవి ఇస్తున్నాను.

```
5:21:10  -     MMT    1906 Jan 1
5:30     -     IST    1941 Oct
5:30     1:00  +0630  1942 May 15
5:30     -     IST    1942 Sep
5:30     1:00  +0630  1945 Oct 15
5:30     -     IST
```

ప్రతి వరుస చివరనున్న తేదీ ఆ నియమం ఎప్పటివరకు అమలులో ఉందో చెబుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు కనుక, ఆ రెండు విడతల్లో ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి తేడా ఐదున్నర గంటలు కాక ఆరున్నర గంటలుగా నమోదైంది. లినక్స్, జావా, పోస్ట్‌గ్రెస్ వంటివన్నీ ఈ సమాచారం మీదనే ఆధారపడతాయి. అయితే వాటిలో చాలా వాటికి ఈ డేటాబేస్ ప్రతి దేనికది వేరుగా ఉంటుంది. మీ యంత్రంలో ఉన్న ప్రతి ఏమంటున్నదో ఈ ఆదేశంతో తెలుసుకోవచ్చు. జవాబుగా +0630 రావాలి.

```
TZ=Asia/Kolkata date -d '1944-06-10 12:00' +%z
```

ఇక ఆ ఉపాధ్యాయుని తేదీకి ఏమి జరిగిందో చూద్దాం. నమోదు చేసే ప్రోగ్రాము పుట్టిన తేదీని ఆ రోజు అర్ధరాత్రి 00:00గా భావించి, డేటాబేస్ ప్రకారం ఆరున్నర గంటలు తీసివేసి, యూటీసీలో జూన్ 9, 17:30గా దాచింది. జాబితా ముద్రించే ప్రోగ్రాము మాత్రం చరిత్రను చూడకుండా ఎప్పటికీ ఐదున్నర గంటలే అనుకొని వాటిని కలిపింది. ఫలితం జూన్ 9, 23:00. సమయాన్ని కత్తిరించి తేదీని మాత్రమే ముద్రించడం వలన పోయిన ఆ గంట ఎవరికీ కనబడలేదు.

సమయాన్ని కూడా ముద్రించి చూడడమే అన్నిటికంటే మంచి పరీక్ష. 23:00 కనబడితే కారణం పైన చెప్పినదే. 1941 అక్టోబరుకు ముందు పుట్టినవారికి 23:36:40 కనబడితే కారణం వేరు: డేటాబేస్ పాత ప్రతులు 1941 వరకు కలకత్తా నగరపు స్థానిక సమయమైన 5:53:20ను అనుసరించేవి, తరువాత దానిని సవరించారు. అంటే తేదీని దాచిన యంత్రంలో పాత ప్రతి, చదివే యంత్రంలో కొత్త ప్రతి ఉన్నాయన్నమాట.

పరిష్కారం: అందరి తేదీలకూ ఒక రోజు కలపకండి; సరిగా ఉన్నవి కూడా చెడిపోతాయి. పుట్టిన తేదీకి గంటలతో పని లేదు కనుక దానిని తేదీగానే దాచాలి. పోస్ట్‌గ్రెస్‌లో timestamptz రకంగా ఉన్న గడిని ఇలా మార్చవచ్చు.

```
ALTER TABLE pensioners
  ALTER COLUMN dob TYPE date
  USING (dob AT TIME ZONE 'Asia/Kolkata')::date;
```

ఇక్కడ జోన్ పేరు బదులు ఎప్పటికీ మారని ఐదున్నర గంటల తేడాను వాడితే తప్పు శాశ్వతమైపోతుంది. మార్చే ముందు అసలు పట్టికను నకలు తీసుకొని, ఈ జోన్‌లో 00:00 రాని పద్దులన్నిటినీ వేరు చేసి, సర్వీసు రిజిస్టరుతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. 1942 సెప్టెంబరు 1న పుట్టినవారిని ప్రత్యేకంగా చూడవలసి ఉంటుంది. డేటాబేస్ ప్రకారం ఆ రోజు గడియారం 00:00 నుంచి నేరుగా 01:00కి దూకింది కనుక ఆ అర్ధరాత్రి లేనేలేదు. కొన్ని ప్రోగ్రాములు దానిని చెల్లని సమయమని తిరస్కరిస్తాయి.

పరిమితి: 1970 నుంచి గడియారాలు ఒకే విధంగా నడిచిన ప్రాంతాలను ఈ డేటాబేస్ సాధారణంగా ఒకే జోన్‌లో చేరుస్తుంది. అందువలన అప్పట్లో హైదరాబాద్ సంస్థానంలో ఉన్న నల్లగొండకు గానీ మహబూబ్‌నగర్‌కు గానీ వేరే పద్దు లేదు. 1970కి ముందున్న వరుసలు కలకత్తాకు చెందినవి. తేదీల విషయంలో దీనితో చిక్కు లేదు, ఎందుకంటే దాచేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే నియమం వాడితే సరిపోతుంది. జాతకం వేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇది పెద్ద విషయం. ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలు ఉంటుంది కాబట్టి గంట తేడా వస్తే లగ్నమే మారిపోవచ్చు. 1944లో ఈ జిల్లాల్లో పుట్టినవారికి జాతకం వేసేటప్పుడు, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఆరున్నర గంటలు తీసివేస్తున్నదా అని ముందు చూసుకోవాలి. ఆ తరువాత ఇంట్లో వ్రాసిపెట్టిన సమయం ఏ గడియారం ప్రకారం వ్రాసినదో పెద్దలను అడిగి, తేడాను చేతితో నింపడం మేలు.