వార్ఫరిన్ వాడుతూ ఆకుకూరలు తినడం ఎలా?

గుండెలో వాల్వు మార్పించుకున్నవాళ్లకి, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకి వార్ఫరిన్ మొదలుపెట్టగానే ఇంట్లో ముందు ఆగిపోయేది ఆకుకూర పప్పు. "ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, మందు పనిచేయదు" అని ఎవరో ఒకరు చెబుతారు. అందులో సగమే నిజం.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్ ఆ విటమిన్‌ను మళ్లీ మళ్లీ వాడుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చూపే రక్తపరీక్ష అంకె ఐఎన్‌ఆర్. మీకు అది ఎంత వస్తుందన్నది మాత్ర మీద, తిండి మీద కలిపి ఆధారపడుతుంది. తిండి రోజూ ఒకేలా ఉంటే డాక్టరు దానికి సరిపడా మోతాదు నిర్ణయించగలరు. ఆకుకూరలు పూర్తిగా మానేసినవాళ్ల ఒంట్లో విటమిన్ కె నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి, ఎప్పుడో పెళ్లి భోజనంలో నాలుగు గరిటెల పాలకూర పప్పు వేసుకున్నా ఐఎన్‌ఆర్ మీద ఆ తేడా ఎక్కువగా కనిపిస్తుంది. నా లెక్కలో మానేయడం కన్నా కొలిచి తినడమే తేలిక.

ముందు మాత్ర పేరు చూడండి

ఈ జాగ్రత్త వార్ఫరిన్‌కి, మన దగ్గర చాలామంది వాడే అసిట్రోమ్‌కి (ఎసినోకుమరాల్) వర్తిస్తుంది. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వాడేవాళ్లకి ఆకుకూరల లెక్క అక్కర్లేదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రమే వాడేవాళ్లకీ అక్కర్లేదు. "రక్తం పలచబడే మందు" అని అన్నింటినీ ఒకే గాటన కట్టి అనవసరంగా పాలకూర మానేసినవాళ్లు చాలామందే ఉంటారు.

రెండు వారాలు ఏమీ మార్చకుండా రాసుకోండి

ఏ రోజు ఏ ఆకుకూర తిన్నారో, సుమారు ఎంత తిన్నారో కేలండర్ మీద రాస్తే చాలు. కొత్తిమీర పచ్చడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, గోధుమగడ్డి రసం, మల్టీవిటమిన్ మాత్ర ఇవన్నీ కూడా రాయండి. కూర మీద చల్లే కొత్తిమీర లెక్కలోకి రాదు. అదే ఒక కట్ట నూరి చేసిన పచ్చడి అయితే వస్తుంది. ఈ కాగితం డాక్టరుకి చూపిస్తే ఇప్పుడున్న మోతాదు ఏ తిండికి కుదిరిందో ఆయనకి అర్థమవుతుంది.

వాటాను పచ్చి ఆకు బరువులో పెట్టుకోండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పాలకూర వండితే బాగా కుంచించుకుపోతుంది. ఒక కప్పు పచ్చి పాలకూర 30 గ్రాములుంటే, ఒక కప్పు ఉడికిన పాలకూర దాదాపు 180 గ్రాములు. కప్పు అదే అయినా విటమిన్ కె సుమారు ఆరు రెట్లు. వేడికి ఈ విటమిన్ పెద్దగా పోదు. ఇది నీళ్లలో కరిగేది కూడా కాదు, అందుకే ఉడికించి నీళ్లు పారబోసినా ఫలితం ఉండదు. కట్టల లెక్క కూడా నమ్మలేం, ఒక్కో బజారులో కట్ట ఒక్కో సైజు.

కాబట్టి ఏరి, కడిగి, నీళ్లు వాడ్చిన ఆకును తూకం వేయండి. తర్వాత వండిన కూర ఎన్ని గరిటెలు వచ్చిందో ఒకసారి లెక్కపెట్టండి. ఆ తర్వాత రోజూ తూకం అవసరం ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నలుగురున్న ఇంట్లో అమ్మగారికి మైట్రల్ వాల్వు మార్చారు. ఆవిడ వారానికి నాలుగు రోజులు ఆకుకూర తింటారు, రోజుకి 50 గ్రాముల పచ్చి ఆకు చాలనుకున్నారు. 200 గ్రాముల పాలకూరతో పప్పు చేస్తే 8 గరిటెలు వచ్చింది. అంటే గరిటెకి 25 గ్రాముల ఆకు, ఆవిడ వాటా రెండు గరిటెలు. మర్నాడు అదే 200 గ్రాముల పాలకూరతో వేపుడు చేస్తే 4 గరిటెలే వచ్చింది. ఇప్పుడు గరిటెకి 50 గ్రాములు. అలవాటుగా రెండు గరిటెలు వేసుకుంటే వాటా రెట్టింపవుతుంది, కాబట్టి ఒక్క గరిటెతో ఆపాలి. ఇంట్లో వండే ఒక్కో వంటకానికి ఇలా ఒకసారి లెక్కకట్టి, "పప్పు 2, వేపుడు 1" అని వంటింటి తలుపు లోపలివైపు అంటిస్తే ఎవరు వడ్డించినా తేడా రాదు.

ఏ ఆకుకి బదులు ఏది?

పాలకూర, తోటకూర రెండూ విటమిన్ కె బాగా ఉన్నవే. 100 గ్రాముల పచ్చి పాలకూరలో దాదాపు 480 మైక్రోగ్రాములు ఉంటే, క్యాబేజీలో 75 చుట్టుపక్కలే ఉంటుంది. అందుకని పాలకూర బదులు క్యాబేజీ వండిన రోజు ఆకుకూర తిన్నట్టు లెక్కవేయకూడదు. ముదురు ఆకుపచ్చ భాగంలో విటమిన్ ఎక్కువ, కాడల్లో తక్కువ. తోటకూర కాడల పులుసుకీ ఆకు వేపుడుకీ పోలిక లేదు. అన్ని ఆకుల అంకెలూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీ ఇంట్లో వచ్చే మూడు నాలుగు ఆకులను ప్రతివారం ఒకే వరుసలో తిప్పితే చాలు. సోమవారం పాలకూర, బుధవారం తోటకూర, ఇలా. వారంలో ఒక్క రోజే మొత్తం తినేయడం కన్నా ఇది మంచిది.

ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు తినకండి, మామూలు వాటానే తినండి.

ఇప్పటిదాకా మానేసి ఉంటే

మళ్లీ మొదలుపెట్టే ముందే డాక్టరుకి చెప్పండి. చిన్న వాటాతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకుంటే, అవసరమైతే మోతాదు ఆయన మారుస్తారు. తిండి మారిన ప్రభావం కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి నిన్న రాత్రి కూరను ఈ ఉదయం రిపోర్టుకి కారణం అనుకోవద్దు. ఆకుకూర తిన్నామని మీ అంతట మీరు మాత్ర పెంచడం, తగ్గించడం అసలు చేయవద్దు.

లెక్క తప్పే రోజులు

కార్తీకమాసంలో మాంసం మానేసి ఇంట్లో ఆకుకూర రెట్టింపవడం, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి రోజూ కేల్, పాలకూర సలాడ్ తినడం, బరువు తగ్గాలని ఆకుపచ్చ జ్యూసులు మొదలుపెట్టడం ఐఎన్‌ఆర్‌ను కిందికి లాగుతాయి. జ్వరంతో నాలుగు రోజులు గంజి మీదే ఉన్నా, విరేచనాలైనా, యాంటీబయాటిక్స్ వాడినా అది పైకి పోవచ్చు. ఇలాంటప్పుడు తర్వాతి తారీఖు దాకా ఆగకుండా ఫోన్ చేసి, ముందుగా పరీక్ష చేయించుకోవాలేమో అడగండి.

ఐఎన్‌ఆర్ తగ్గితే ఒంట్లో చాలాసార్లు ఏమీ తెలియదు, పరీక్షలోనే బయటపడుతుంది. ముఖం ఒకవైపు వాలడం, మాట తడబడటం, చెయ్యి పడిపోవడం, ఉన్నట్టుండి ఆయాసం, లోహపు వాల్వు టిక్‌టిక్ శబ్దం మందగించడం, ఒక కాలు వాయడం గడ్డకట్టిందనడానికి గుర్తులు. చిగుళ్ల నుంచి ఆగని రక్తం, దెబ్బ లేకుండానే నల్లని మచ్చలు, ఎర్రని మూత్రం, తారులాంటి మలం మందు ఎక్కువైందనడానికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా, తలకి దెబ్బ తగిలినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మాత్ర పేరు, మోతాదు, చివరి ఐఎన్‌ఆర్ రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి.