హాస్టల్ సర్క్యులర్ తిరగరాద్దాం – 3వ పాఠం: గేటు వేసే వేళ

కిందటి పాఠంలో సర్క్యులర్‌లోని నిబంధనలను విడగొట్టి ఒక్కోదానికి నెంబరు వేసుకున్నాం. ఈసారి వాటిలో అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునేది తీసుకుందాం. భీమవరంలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల హాస్టల్ ఒకటి ఉందనుకోండి. గోడకు అంటించిన కాగితంలో ఇలా ఉంది:

"రాత్రి 7.30 తర్వాత వచ్చు విద్యార్థినులు ఎట్టి పరిస్థితుల్లోనూ లోనికి అనుమతించబడరు. అట్టివారి తల్లిదండ్రులను పిలిపించి సంజాయిషీ కోరబడును. రూ.200 జరిమానా విధించి, పేరు నోటీసు బోర్డులో పెట్టబడును."

ముందు పెన్సిల్ తీసుకుని క్రియల కింద గీతలు గీయండి. అనుమతించబడరు, కోరబడును, పెట్టబడును. ఎవరు అనుమతించరు? వాచ్‌మనా, వార్డెనా, కరస్పాండెంటా? కాగితం చెప్పదు. 7.40కి గేటు బయట నిలబడ్డ అమ్మాయికి కావలసింది సరిగ్గా ఆ సమాధానమే. అందుకని "బడు" కనిపించిన ప్రతిచోటా ఆ పని చేసే మనిషిని పెట్టండి.

తర్వాత నియమాన్ని, అనుమానాన్ని వేరు చేయండి. సంజాయిషీ అంటే తప్పు చేశారన్న ఆరోపణ మీద, మెమో చేతిలో పెట్టి అడిగేది. ఇక్కడ "కారణం" అంటే చాలు. "అట్టివారు" అన్న మాట బస్సు తప్పిన పిల్లను ఒక చెడ్డ గుంపులోకి తోసేస్తుంది. "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్నది ఇంకా ప్రమాదం, ఎందుకంటే భద్రత కోసం పెట్టిన నియమమే అమ్మాయిని చీకట్లో రోడ్డు మీద వదిలేస్తోంది. గోదావరికి వరదొచ్చి కాజ్‌వే మునిగితే లంక ఊరి పిల్ల పడవ కోసం రేవులో ఆగాలి. ఆలస్యమైతే బయటే ఉండాలని తెలిసిన పిల్ల ఫోన్ చేయదు, ఎవరో తెలిసినవాళ్ల ఇంటికి పోతుంది. అప్పుడు ఆమె ఎక్కడుందో హాస్టల్‌కూ తెలియదు, ఇంటికీ తెలియదు.

ఇప్పుడు తిరగరాసింది చూడండి:

"మెయిన్ గేటు రాత్రి 7.30కి వేస్తాం. ఆ వేళకు మీరు లోపల ఉండాలి. ఆలస్యమవుతుందని తెలియగానే వార్డెన్‌కు ఫోన్ చేయాలి. నెంబరు కింద ఉంది. ఎంత ఆలస్యమైనా వాచ్‌మన్ గేటు తీస్తారు. వచ్చిన సమయం, కారణం రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. 8.00 దాటినా మీ ఫోన్ రాకపోతే వార్డెనే మీకు ఫోన్ చేస్తారు. మీరు ఎత్తకపోతే మీ ఇంటికి చేస్తారు."

గమనించండి, 7.30 మారలేదు. మర్యాద అంటే నియమాన్ని మెత్తబరచడం కాదు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. "దయచేసి 7.30కి రాగలరు" అని రాస్తారు. అది ఆదేశమో విన్నపమో చదివేవాళ్లకు తెలియదు. తప్పనిసరి అయినచోట "ఉండాలి", "చేయాలి" అనే రాయండి. "వేస్తాం", "తీస్తారు" అని హాస్టల్ తన వంతు కూడా ఒప్పుకోవడంతో ఆ "ఉండాలి"లో కరకుదనం పోతుంది.

ఇక జరిమానా. రూ.200 కొందరికి లెక్కలోకి రాదు, గేటు టికెట్ అనుకుంటారు. ఇంకొకరికి అది వారం ఖర్చు. నోటీసు బోర్డు అంతకంటే చెడ్డది. అక్కడ పేరు కనిపిస్తుంది గానీ, కాజ్‌వే మునిగిందన్న కారణం కనిపించదు. ఆ పేరు చదివినవాళ్లు కారణాన్ని తామే కల్పించుకుంటారు. మా సలహా ఇది:

"ఫోన్ చేయకుండా ఒక నెలలో 3 సార్లు ఆలస్యమైతే వార్డెన్ మీతో విడిగా మాట్లాడతారు. 4వ సారికి, ముందు మీకు చెప్పి, మీ ఇంటికి తెలియజేస్తారు. అది సరికాదనిపిస్తే 7 రోజుల్లోగా ప్రిన్సిపాల్‌కు రాసివ్వవచ్చు."

యాజమాన్యం జరిమానా ఉండి తీరాలంటే, నెలకు ఇంతకు మించదని, రసీదు ఇస్తామని రాయించండి. బోర్డు మీద పేరు మాత్రం ఒప్పుకోవద్దు.

విజిటర్ల నిబంధనలో "అన్నదమ్ములమని చెప్పుకొని వచ్చు మగవారు" లాంటి మాట ఉంటే మొత్తం కొట్టేయండి. "అడ్మిషన్ ఫారంలో మీరు రాసిన నలుగురిలో ఎవరైనా ఆదివారం 10 నుంచి 5 వరకు విజిటర్స్ గదిలో మిమ్మల్ని కలవవచ్చు. వేరేవాళ్లు వచ్చేట్టయితే ముందురోజు పేరు రాసివ్వాలి." చుట్టరికాన్ని రుజువు చేసుకోవలసిన పని ఎవరికీ ఉండదు.

రాయడం అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. "విద్యార్థినులు" ఉన్నచోట "విద్యార్థులు" అని మార్చి, అబ్బాయిల హాస్టల్‌లో అంటిస్తున్నట్టు పైకి చదవండి. ఏ వాక్యం దగ్గర నోరు ఆగితే, అక్కడ ఇంకా అనుమానం మిగిలి ఉంది. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లలో అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నియమాలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది. కాలేజీ హాస్టల్ అయితే కమిటీ ముందు ఆ మాట ఎత్తండి.

వచ్చే పాఠానికి ఈ వాక్యాన్ని తిరగరాసి ఉంచండి: "పండుగ సెలవుల అనంతరం గడువు తేదీకి రాని వారి సామాను వరండాలో పడవేయబడును." ముందుగా "పడవేయబడును" కింద గీత గీయండి.