రేటింగ్‌లు ఒక్కసారిగా పెరిగాయా? ధర గీత పక్కన పెట్టి చూడండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే గానీ, ఇలాంటి పేజీ మీకూ ఎప్పుడో తగిలే ఉంటుంది. అమెజాన్‌లో పేరు తెలియని కంపెనీ పవర్ బ్యాంక్. ఎమ్మార్పీ 4,999 కొట్టేసి, పక్కన 1,299. అంటే 74 శాతం తగ్గింపు. 4.3 స్టార్లు, 3,180 రేటింగ్‌లు. కొనాలా వద్దా?

ముందు పేజీ అడ్రస్ నుంచి ఆ వస్తువు కోడ్ తీసుకోవాలి. `/dp/` తర్వాత వచ్చే పది అక్షరాలే ఆ కోడ్. వస్తువుల పాత ధరలను గీతగా చూపించే కీపా సైట్‌లో దాన్ని ఇలా పెడితే మన దేశపు ధర గీత వస్తుంది (10 అంటే అమెజాన్ ఇండియా):

```
https://keepa.com/#!product/10-కోడ్
```

ఫ్లిప్‌కార్ట్ వస్తువైతే బయ్‌హట్కే లాంటివి వాడుకోవచ్చు.

సమస్య 1: తగ్గింపు నమ్మశక్యంగా లేదు

కారణం చాలాసార్లు ఎమ్మార్పీలోనే ఉంటుంది. ఆ ధరకు ఆ వస్తువును ఎవరూ కొని ఉండరు. మన ఉదాహరణలో ఏడాది గీత చూస్తే ధర ఎప్పుడూ 1,249కీ 1,399కీ మధ్యే ఉంది. సేల్‌కు వారం ముందు మాత్రం రెండు రోజులు 2,199కి ఎక్కి దిగింది. కాబట్టి ఈ రోజు తగ్గింపు అంటూ ఏమీ లేదు, మామూలు ధరే.

ఏం చేయాలంటే, నెల గీత కాకుండా కనీసం ఏడాది గీత తెరవండి. సేల్ ముందరి ఎత్తు నెల గీతలోనే పెద్దగా కనిపించి మోసం చేస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. బ్యాంక్ కార్డు ఆఫర్లు, చెక్‌బాక్స్ నొక్కితే వచ్చే కూపన్లు గీతలో చాలావరకు కనిపించవు. అందుకని గీత కన్నా మీకు పడే ధర కాస్త తక్కువ ఉండొచ్చు.

ఎమ్మార్పీ ఉబ్బించినంత మాత్రాన రివ్యూలు దొంగవని కాదు. అది వేరే లెక్క, అసలు పని ఇక్కడి నుంచే.

సమస్య 2: రేటింగ్‌ల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది

కీపాలో ధరతో పాటు రేటింగ్‌ల సంఖ్య గీత కూడా ఉంటుంది. కొన్ని గీతలకు డబ్బు కట్టాలి, అది లేకపోయినా ఎలా చూడాలో కింద చెప్తాను. పెరుగుదల ఏ ఆకారంలో ఉందో చూస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది.

ధర బాగా పడింది, వారం పది రోజుల తర్వాత రేటింగ్‌లు మెల్లగా ఎక్కాయి, తర్వాత చదునైపోయాయి. ఇది దసరా, దీపావళి సేల్ ఆకారం. జనం కొన్నారు, పార్సెల్ వచ్చింది, వాడి రాశారు. టెన్షన్ అక్కర్లేదు.

ధర కదల్లేదు, సేల్ లేదు, అయినా రెండు మూడు వారాలు రేటింగ్‌లు గబగబా ఎక్కి ఠక్కున ఆగిపోయాయి. ఇక్కడ అనుమానించాలి. టెలిగ్రామ్, వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో నడిచే 'కొను, అయిదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపు, డబ్బు వెనక్కి ఇస్తాం' బేరం ఇలాగే కనిపిస్తుంది. ఇలాంటి పనికి వాడుతున్న పదివేలకు పైగా ఫేస్‌బుక్ గ్రూపుల నిర్వాహకుల మీద అమెజాన్ 2022లో కేసు వేసింది. ఈ బేరంలో మనిషి నిజంగానే కొంటాడు కాబట్టి రివ్యూ కింద Verified Purchase అనే ఉంటుంది. ఆ ముద్ర చూసి నిశ్చింతగా ఉండే వాళ్లే ఎక్కువగా దొరికిపోతారు.

మూడోది గోడ ఆకారం. మన పవర్ బ్యాంక్‌కు నెలల తరబడి 212 రేటింగ్‌లు ఉన్నాయి, తెల్లారేసరికి 2,840. ఒక్క రాత్రిలో అంతమంది రాయరు. వేరే వస్తువు పేజీని తెచ్చి దీనికి 'ఇంకో రకం' అని కలిపేశారన్నమాట, దాని రివ్యూలన్నీ దీని ఖాతాలో పడ్డాయి. అమెరికాలో ఇలా కలిపినందుకే బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకుంది, కంపెనీ 6 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

గోడ కనిపిస్తే ఏం చేయాలి? ధర గీత ఏ రోజు మొదలైందో చూడండి. మన ఉదాహరణలో అది 2024 జూన్. పేజీ కింద వివరాల్లో Date First Available కూడా దాదాపు అదే నెల చెప్తోంది. ఇప్పుడు రివ్యూలను Most recent వరసలో పెట్టి వీలైనంత పాతవాటి దాకా వెళ్లండి. 2022 నాటి రివ్యూలు ఉన్నాయంటే అవి ఈ వస్తువువి కావు. చదివితే ఇంకా స్పష్టం: 'కేబుల్ పొడవు బాగుంది', 'బైక్ ఛార్జర్‌కు సరిపోయింది'. పవర్ బ్యాంక్ ఊసే లేదు. తేదీలు చూసే ఈ పద్ధతికి రేటింగ్‌ల గీత అవసరం లేదు, డబ్బు కట్టని వాళ్లకూ పనిచేస్తుంది.

తర్వాత రివ్యూల ఫిల్టర్‌లో అన్ని రకాలూ కాకుండా మీరు చూస్తున్న రకాన్నే ఎంచుకోండి. 3,180 రేటింగ్‌ల పవర్ బ్యాంక్‌కు అసలు రాతపూర్వక రివ్యూలు 58 మిగిలాయి, వాటిలో ఒక స్టార్ ఇచ్చినవాళ్లు 'ఫోన్ ఒకటిన్నర సార్లు కూడా నిండలేదు' అంటున్నారు. మీ నిర్ణయం ఈ 58 మీదే ఆధారపడాలి.

అయితే కలిపిందంతా మోసం కాదు. చొక్కాకు రంగులు, సైజులు ఒకే పేజీలో ఉండటం మామూలే. రివ్యూ వేరే రంగు గురించా, వేరే వస్తువు గురించా అన్నదే తేడా.

సమస్య 3: రివ్యూలు జల్లెడ పట్టే టూల్ పనిచేయడం లేదు, లేదా మంచి వస్తువును దొంగ అంటోంది

చాలామంది ఇప్పటికీ ఫేక్‌స్పాట్ వెతుకుతుంటారు. దాన్ని 2023లో కొన్న మొజిల్లా 2025 జులై 1న మూసేసింది. ఫైర్‌ఫాక్స్‌లో ఉన్న రివ్యూ చెకర్ అంతకు కొద్ది రోజుల ముందే ఆగిపోయింది. పాత వీడియోలు చూసి అదే పేరుతో ఏ ఎక్స్‌టెన్షన్ పడితే అది వేసుకోకండి. మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి దానికి ఇస్తున్నారు.

మిగిలిన టూల్స్ ఇచ్చే గ్రేడును కూడా తీర్పులా తీసుకోకూడదు. అవి చూసేది ఒకే పదబంధాలు ఎన్నిసార్లు వచ్చాయి, ఒకే రోజు ఎన్ని పడ్డాయి, రాసినవాళ్లు ఇంకేం రాశారు అన్నవే. మన దగ్గర నిజంగా కొన్న మనిషి కూడా 'సూపర్', 'నైస్ ప్రొడక్ట్' అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. టూల్‌కు అవన్నీ ఒకే చేతి రాతలా కనిపిస్తాయి. తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే దానికి అసలు అర్థమే కాకపోవచ్చు. పైగా లాగిన్ కాకుండా చూసే టూల్‌కు అమెజాన్ కొన్ని రివ్యూలే చూపిస్తుంది, ఆ కొన్నింటితోనే గ్రేడు వేసేస్తుంది.

అందుకని గ్రేడు చెడ్డగా వస్తే పైన చెప్పిన తేదీల పరీక్ష చేయండి. రెండూ ఒకే మాట చెప్తే పేజీ మూసేయండి. గ్రేడు చెడ్డది, గీతలు మాత్రం సేల్ ఆకారంలోనే ఉన్నాయంటే నేనైతే గీతలనే నమ్ముతాను. అప్పుడు రెండు, మూడు, నాలుగు స్టార్ల రివ్యూలు చదువుతాను. డబ్బిచ్చి రాయించేవాళ్లు అయిదు స్టార్లకే ఇస్తారు, పోటీవాడు కక్షతో రాయిస్తే ఒక స్టార్ వేయిస్తాడు, మధ్యవి ఎవరికీ పట్టవు.

సమస్య 4: మోసమని తేలింది, ఎవరికి చెప్పాలి?

రివ్యూ కిందే రిపోర్ట్ లింకు ఉంటుంది. కొని నష్టపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆన్‌లైన్ రివ్యూల కోసం మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది గానీ, స్వచ్ఛందంగా పాటించాల్సిందిగానే తెచ్చింది. ఫోన్ చేసే ముందు ధర గీత, రేటింగ్‌ల గోడ, 2022 తేదీతో ఉన్న కేబుల్ రివ్యూ, ఈ మూడింటి స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. ఫిర్యాదు వెళ్లాక అమ్మకందారు చేసే మొదటి పని కలిపిన పేజీని విడగొట్టేయడమే కావచ్చు.