పండక్కి షాపు టైమింగ్స్ తగ్గుతాయి, డెలివరీ లేటవుతుంది: ఈ మాట చెబుతూనే గిఫ్టులు అమ్మే ఈమెయిల్ ఎలా రాయాలి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న చేనేత షాపు ఉందనుకోండి. పుట్టపాక, పోచంపల్లి చీరలు, దుపట్టాలు హైదరాబాద్‌కూ బెంగళూరుకూ కొరియర్ చేస్తుంటారు. బతుకమ్మ మొదలైందంటే ఆర్డర్లు పెరుగుతాయి, అప్పుడే కొరియర్ వాళ్లకు పార్సిళ్లు కుప్పలు పడతాయి, ఫాల్, పికో చేసే వాళ్ల దగ్గరా లైను ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది "పండుగ ఆఫర్" అని పెద్దగా పెట్టి, డెలివరీ లేటు సంగతి అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. కొన్నవాళ్లు అది చదవరు, సద్దుల ముందురోజు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

అందుకే మెయిల్ రాయడానికి ముందు ఒక కాగితం తీసుకుని తేదీలు వెనక నుంచి లెక్కేయండి. దసరా అక్టోబర్ 20, సద్దులు 18 ఆదివారం అనుకుందాం. చీర 17కల్లా చేతికందాలి. హైదరాబాద్‌కు మామూలుగా రెండు రోజులు పడితే పండుగ రద్దీకి ఇంకో రెండు కలపండి, అంటే 13న పార్సిల్ వెళ్లిపోవాలి. ఫాల్, పికోకు 11, 12 పోతాయి. కాబట్టి ఆర్డర్‌కు చివరి గడువు 10వ తేదీ సాయంత్రం. బెంగళూరుకు మామూలుగా నాలుగు రోజులైతే ఆరు వేసుకోండి, అది 11 అవుతుంది కానీ ఆదివారం పికప్ ఉండదు, అందుకని పార్సిల్ 10నే వెళ్లాలి, ఆర్డర్ 7లోపు రావాలి. మీ కొరియర్ అతను చెప్పే రోజులు వేరేగా ఉంటే అవే వేసుకోండి, లెక్క మాత్రం ఇదే.

ఈ లెక్కలోనే మీరు అమ్ముకోవాల్సిన సంగతి కూడా దొరుకుతుంది. ఫాల్ వద్దనుకునే వాళ్లకు రెండు రోజులు మిగులుతాయి, దుపట్టాలకు ఫాల్ పనే లేదు. కాబట్టి గిఫ్టులను ధరల వారీగా కాకుండా, ఎప్పటిలోపు చెబితే అందుతాయో ఆ వరసలో పెట్టండి. అప్పుడు లేటు కబురు, గిఫ్టుల కబురు రెండూ ఒకే మాటగా వస్తాయి. చెప్పి నేయించే చీరలు మాత్రం ఈ మెయిల్‌లో అసలు పెట్టకండి, మగ్గం మీద అంత తొందరగా దిగవు, పైగా పండక్కి మగ్గాలూ ఆగుతాయి.

ఫోన్‌లో సబ్జెక్టు మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి కాబట్టి తేదీ అక్కడే రావాలి, బెంగళూరు వాళ్లకు పంపేదాంట్లో 10 బదులు 7 వేయండి. మెయిల్ ఇలా ఉంటే చాలు:

సబ్జెక్టు: అక్టోబర్ 10లోపు చెబితే సద్దులకు చీర

నమస్తే,
సద్దుల బతుకమ్మకు చీర అందాలంటే హైదరాబాద్ వాళ్లు 10వ తేదీ, బెంగళూరు వాళ్లు 7వ తేదీ సాయంత్రం 6 లోపు ఆర్డర్ పెట్టండి. ఫాల్ లేని చీరలు, దుపట్టాలైతే హైదరాబాద్‌కు 12, బెంగళూరుకు 9 వరకు తీసుకుంటాం. ఈ తేదీలు దాటిన ఆర్డర్లు దసరా అయ్యాక 22 నుంచి పంపుతాం.
షాపు 18న పొద్దున 9 నుంచి 2 వరకు, 19న 10 నుంచి 5 వరకు. 20న బంద్. 21న 12 నుంచి 6 వరకు, 22 నుంచి మామూలే.
ఆడబిడ్డకు, అత్తమ్మకు పెట్టడానికి ఇప్పుడే పంపగలిగిన చీరల ఫొటోలు కింద ఉన్నాయి.

ఫొటోలు ఆరుకు మించొద్దు, అన్నీ మీ దగ్గర స్టాకు ఉన్నవే అయ్యుండాలి. "కాస్త ఆలస్యం కావచ్చు" లాంటి మాట రాయకండి, కాస్త అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క.

దీన్ని జీతాలు పడే 1, 2 తేదీల్లో పంపండి. రెండో మెయిల్ 9న పొద్దున, హైదరాబాద్ వాళ్లకు మాత్రమే. ఇక 13 తర్వాత కొరియర్ ఊసెత్తకుండా, షాపుకొచ్చి తీసుకెళ్లగలిగే ఊళ్లోవాళ్లకు, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు వాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. దూరంగా ఉండి గడువు దాటిన వాళ్లకు గిఫ్ట్ కూపన్ మెయిల్‌లో పంపుతామని చెప్పొచ్చు, అది కొరియర్ కోసం ఆగదు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తున్న వాళ్లను ఈ లిస్టులోంచి తీసేయండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, ఎందుకంటే తన చీర ఎక్కడుందో తెలియక టెన్షన్ పడుతున్న మనిషికి ఇంకో చీర చూపిస్తే మండిపోతుంది. వాళ్లకు విడిగా రెండు వాక్యాలు చాలు: మీ పార్సిల్ ఏ రోజు బయల్దేరింది, ఏ రోజుకల్లా రావాలి. అందులో గిఫ్టుల ఫొటోలు వద్దు.

మెయిల్ పంపిన రోజే గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీకి వెళ్లి పండుగ రోజుల టైమింగ్స్ అవే పెట్టండి. మెయిల్‌లో 2 గంటలని రాసి మ్యాప్స్‌లో రాత్రి 9 అని ఉంటే, మ్యాప్స్ చూసి వచ్చినవాళ్లకు మూసిన షట్టరే కనబడుతుంది.